నాలుగు కోణాలు, ఒకే ఇల్లు

కొత్తగా ఇల్లు కట్టుకోబోయేవాళ్ల చేతిలో ఎలివేషన్ బొమ్మలు పెడితే, వాళ్లు వాటిని పక్కపక్కన పరిచి లెక్కపెట్టడం మొదలుపెడతారు. రోడ్డు మీంచి చూసిన బొమ్మలో మొదటి అంతస్తుకు రెండు కిటికీలు, మూల మీంచి చూసిన బొమ్మలో మూడు. ఇక్కడ బాల్కనీకి ఇనుప రెయిలింగ్, అక్కడ గాజు పలక. "ఏవండీ, ఇంతకీ మనం కట్టేది ఏ ఇల్లు?" అని అడుగుతారు. దానికి సూటిగా జవాబు చెప్పలేకపోతే, బొమ్మలు ఎంత అందంగా ఉన్నా ఆ సెట్టు పనికిరాదు.

మాటలు రాసిస్తే బొమ్మ తయారుచేసే ఏఐ పనిముట్లు ఇప్పుడు చిన్న ఊళ్లలోని ప్లాన్ ఆఫీసుల దాకా వచ్చాయి. వాటితో ఒక మంచి బొమ్మ రాబట్టడం పెద్ద కష్టం కాదు. అదే ఇంటిని నాలుగు చోట్ల నుంచి చూపించమంటేనే చిక్కు. ఎందుకంటే ఆ మోడల్ లోపల ఇల్లంటూ ఏదీ లేదు. గోడలు, గదులు, వెనక వైపు, పైకప్పు ఉన్న వస్తువును అది కట్టుకుని, దాని చుట్టూ కెమెరా తిప్పడం లేదు. ప్రతిసారీ ఖాళీ కాగితం మీద "ఇలాంటి మాటలకు ఇలాంటి బొమ్మ ఉండాలి" అని మొదటి నుంచి ఊహిస్తుంది. రెండో బొమ్మ చేసేటప్పుడు మొదటి బొమ్మ దానికి గుర్తుండదు. కాబట్టి గుర్తు పెట్టుకునే పని మనమే చేయాలి. అందుకు చాలామంది మొదట పట్టుకునేది సీడ్ అనే అంకెను. దాన్ని సరిగ్గా వాడితే గొప్ప సాయం. అది చేయలేని పని చేస్తుందని నమ్మితే రోజులు వృథా.

మాట గాలిలో ఉండకుండా ఒక ఇల్లు అనుకుందాం. రెండు వందల గజాల స్థలం, తూర్పు ముఖం, జీ ప్లస్ టూ. తూర్పున రోడ్డు, ఈశాన్యం మూలన నాలుగు రోడ్ల కూడలి. సింహద్వారం కాస్త ఉత్తరం వైపుకు జరిగి ఉంది. ద్వారానికి దక్షిణం పక్కన ఎర్రమట్టి జాలీ. పైన పిట్టగోడ, నైరుతిలో వాటర్ ట్యాంకు. క్లయింటుకు ఇవ్వాల్సినవి నాలుగు బొమ్మలు: రోడ్డు మీంచి ఎదురుగా, ఈశాన్యం కూడలి నుంచి, ఆగ్నేయం మూల నుంచి, మళ్లీ ఎదురుగానే సాయంత్రం దీపాలు వెలిగాక.

సీడ్ అంటే ఏమిటో ముందు చూద్దాం. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడల్ బొమ్మను గీతతో మొదలుపెట్టదు. అర్థం పర్థం లేని రంగు చుక్కల గందరగోళంతో మొదలుపెడుతుంది. దాన్ని నాయిస్ అంటారు. ఇరవయ్యో ముప్ఫయ్యో మెట్లలో ఆ గందరగోళాన్ని కొద్దికొద్దిగా తుడుస్తూ, మనం రాసిన మాటలకు తగ్గట్టు బొమ్మను బయటికి తీస్తుంది. మొదటి చుక్కలు ఎలా పడాలో నిర్ణయించే అంకే సీడ్. చుక్కల ముగ్గు వేసేవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. చుక్కలు అవే, కలిపే తీరూ అదే అయితే రెండు వాకిళ్లలో ఒకే ముగ్గు వస్తుంది. చుక్కలు అలాగే ఉంచి కలిపే తీరు మారిస్తే ముగ్గు వేరైపోతుంది, కానీ దాని పరిమాణం, పరుపు మాత్రం చుక్కలు చెప్పినట్టే ఉంటాయి.

అంటే అదే మోడల్, అదే సీడ్, అవే మాటలు, అవే సెట్టింగులు ఇస్తే అదే బొమ్మ తిరిగి వస్తుంది. వేరే కంప్యూటర్లో, వేరే గ్రాఫిక్స్ కార్డు మీద చేస్తే చిన్న చిన్న తేడాలు రావచ్చు. చాలా పనిముట్లలో సీడ్ గడిలో -1 ఉంటుంది. ప్రతిసారీ కొత్త అంకె వేసుకోమని దానర్థం. మిడ్‌జర్నీలో ప్రాంప్ట్ చివర `--seed` రాసి అంకె ఇవ్వాలి.

ఇప్పుడు మన ఇంటి దగ్గరికి వద్దాం. ఎదురు బొమ్మ బాగా కుదిరింది, దాని సీడ్ రాసుకున్నాం. అదే సీడ్ ఉంచి, మాటల్లో "ఎదురు నుంచి" తీసేసి "మూల నుంచి" అని రాశాం. రెండిట్లో ఒకటి జరుగుతుంది. మోడల్ మళ్లీ ఎదురు బొమ్మనే కొంచెం వంకరగా ఇస్తుంది. లేదంటే మూల నుంచి చూసిన ఇల్లే ఇస్తుంది, కానీ అది వేరే ఇల్లు. కిటికీల వరస మారింది, జాలీ రెండో అంతస్తుకు ఎక్కింది. ఆకాశం, చెట్టు, నీడ మాత్రం పాత బొమ్మలో ఉన్న చోటే ఉంటాయి.

దీనికి కారణం తెలిస్తే సీడ్ మీద భ్రమలు తీరిపోతాయి. ఆ చుక్కలు ఇంటికి అంటుకుని లేవు, కాగితానికి అంటుకుని ఉన్నాయి. కాగితంలో ఎడమ పక్కన ముదురుగా పడిన చుక్కల గుంపు అక్కడ ఏదో ముదురు వస్తువు రావాలని లాగుతుంది. ఎదురు బొమ్మలో ఆ చోట జాలీ వచ్చింది. మనం కూడలిలోకి నడిచివెళ్లి చూస్తే అదే జాలీ కాగితం మీద మరో చోటుకు జరగాలి. చుక్కలు మాత్రం జరగవు. మాటలు ఒక పక్కకు లాగుతుంటే సీడ్ ఇంకో పక్కకు లాగుతుంది. కోణం మారినప్పుడు పాత సీడ్ సాయం చేయకపోగా, కొన్నిసార్లు అడ్డం కూడా పడుతుంది.

కాగితం కొలత విషయంలోనూ ఇదే సూత్రం. స్టేబుల్ డిఫ్యూజన్ మోడళ్లు అడిగిన కొలతలో ఎనిమిదో వంతు ఉన్న చిన్న జాలం మీద పనిచేస్తాయి. 1024x768 బొమ్మకు లోపల చుక్కల జాలం 128x96. క్లయింటు ఫోన్‌లో చూసుకోవడానికి నిలువు బొమ్మ కావాలన్నారని కొలత 768x1024కు మార్చామనుకోండి, జాలం ఆకారమే మారిపోతుంది. సీడ్ అంకె అదే అయినా చుక్కలు వేరే చోట్ల పడతాయి, ఇల్లు కూడా వేరే అవుతుంది. అందుకే సెట్టుకంతటికీ కొలత ముందే ఖాయం చేసుకోవాలి. నిలువు బొమ్మ కావాలంటే పెద్ద అడ్డం బొమ్మలోంచి కత్తిరించాలి, లేదా పైనా కిందా కాగితం పెంచి ఆకాశం, రోడ్డు మాత్రమే కొత్తగా నింపించాలి.

మరి సీడ్ ఎక్కడ పనికొస్తుంది? కెమెరా కదలని చోట. మన సెట్టులో ఒకటో బొమ్మ, నాలుగో బొమ్మ రెండూ ఎదురు నుంచే. వేళ ఒక్కటే తేడా. అక్కడ సీడ్ బిగించి, వెలుగు గురించిన మాట మాత్రం మారిస్తే కిటికీలు కిటికీల చోటే, జాలీ జాలీ చోటే చాలావరకు నిలబడతాయి. సున్నపు రంగు బాగుందా, లేత పసుపు బాగుందా అని తేల్చుకోవడానికీ ఇదే దారి. అయినా పూర్తి నమ్మకం లేదు. రాత్రి అని రాయగానే మోడళ్లు తరచుగా గాజును పెంచేస్తాయి. దీపాల వెలుగులో తీసిన ఇళ్ల ఫొటోల్లో ఎక్కువగా ఉండేవి పెద్ద పెద్ద అద్దాల ఇళ్లే. అందుకని పొద్దుటి బొమ్మనే ఆధారంగా ఇచ్చి దాని మీద సాయంత్రం వేయించడం మేలు. ఆ పద్ధతిలో పాత బొమ్మను ఎంతవరకు చెరిపి మళ్లీ గీయాలో చెప్పే అంకె ఒకటుంటుంది, సున్నా నుంచి ఒకటి దాకా. 0.3 దగ్గర వెలుగు కొద్దిగా మారుతుంది, ఇల్లు కదలదు. 0.7 దాటితే కిటికీలు కూడా కొత్తగా పుడతాయి. సాయంత్రానికి ఈ రెండిటి నడుమ ఎక్కడో కుదురుతుంది, చూసుకుంటూ పెంచాలి.

ఇక మాటల సంగతి. సీడ్ కన్నా మాటల నిలకడే ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం. చేయాల్సింది ఇంతే: ప్రాంప్టును రెండుగా విడగొట్టాలి. ఇంటిని వర్ణించే భాగం ఒకటి, చూసే చోటూ వెలుగూ చెప్పే భాగం ఇంకొకటి. మొదటిది ఒక్కసారి రాసి తాళం వేసేయాలి. నాలుగు బొమ్మలకూ దాన్ని కాపీ చేసి అతికించాలి తప్ప మళ్లీ టైపు చేయకూడదు. మన ఇంటికి అది ఇలా ఉండొచ్చు:

```
three-storey house, flat roof with low parapet,
off-white textured plaster, teak window frames,
terracotta jali panel beside the main door,
thin concrete sunshades, black steel balcony railing
```

దాని కింద వచ్చే రెండో భాగం మాత్రమే బొమ్మ బొమ్మకూ మారుతుంది:

```
seen from the street corner, two sides visible,
eye level, clear morning light
```

ఒక బొమ్మలో `balcony railing` అని, ఇంకో బొమ్మలో `balustrade` అని రాస్తే మనకు రెండూ ఒకటే. మోడల్‌కు కాదు. మొదటి మాటతో అది ఎక్కువగా చూసినవి ఇనుప కడ్డీలు, రెండో మాటతో చూసినవి రాతి పొట్టి స్తంభాలు. అలాగే `veranda` అన్నచోట `porch` అంటే ఇంకో దేశపు ఇల్లు తొంగిచూస్తుంది. మాటల వరస మార్చినా తేడా వస్తుంది. మన ఆఫీసుల్లో అనుకునే జీ ప్లస్ టూ అన్న మాటను మోడల్ సరిగా అందుకోదు, మూడంతస్తులని విడమరిచి రాయాలి. `luxury`, `stunning`, `modern villa` లాంటి పొగడ్త మాటలు తాళం వేసిన భాగంలోకి రానివ్వకూడదు. అవి ఇంటి గురించి ఏమీ చెప్పవు. ఈత కొలను, నిలువెత్తు అద్దాలు, ఈత చెట్లు మాత్రం ఒక్కో బొమ్మలో ఒక్కో రకంగా మోసుకొస్తాయి. "చిమ్నీ వద్దు" అని రాసినా చిమ్నీయే వచ్చే ప్రమాదం ఉంది, ఆ మాట వినపడింది కదా. వద్దన్నవాటికి వేరే గడి ఉంటే అక్కడే రాయాలి.

ఇంటి భాగాన్ని ముందు, కోణాన్ని తర్వాత రాయడానికీ కారణం ఉంది. పాత స్టేబుల్ డిఫ్యూజన్ మోడళ్లలో మాటలు చదివే భాగం ఒక విడతకు 77 ముక్కలే తీసుకుంటుంది. ప్రాంప్ట్ పొడుగైతే చివరివి పట్టు తప్పుతాయి. నాలుగైదు లైన్లకు మించని ఇల్లే మోడల్ చేతిలో నిలకడగా ఉంటుంది.

దిక్కుల దగ్గర ఒక ఉచ్చు ఉంది. తాళం వేసిన భాగంలో "ద్వారానికి ఎడమ పక్కన జాలీ" అని రాయాలనిపిస్తుంది. మన ఇంటికి తూర్పు గోడ కనిపించినంతసేపు అది నిజమే. ఎదురు నుంచి చూసినా, రెండు మూలల నుంచి చూసినా దక్షిణం ద్వారానికి ఎడమ పక్కనే ఉంటుంది. కానీ ట్యాంకు సంగతి అలా కాదు. ఎదురు బొమ్మలో అది వెనక ఎడమన ఉండాలి. ఈశాన్యం కూడలి నుంచి చూస్తే మనకు దగ్గరగా ఉన్న మూలకు సరిగ్గా వెనకాల, అన్నిటికన్నా దూరంగా పడుతుంది. ఆగ్నేయం నుంచి చూస్తే దక్షిణపు గోడ ఎడమ చివరన కనిపిస్తుంది. ఒకే మాట ఈ మూడు చోట్లా నిజం కాలేదు. కాబట్టి కుడి ఎడమలు తాళం వేసిన భాగంలో ఉండకూడదు. నైరుతి అని రాస్తే మోడల్‌కు తెలియదు. కిటికీలు ఎన్నో రాసినా అది నికరంగా లెక్కపెట్టలేదు. మాటల బలం ఇక్కడితో సరి. రంగు, కలప, పూత, రెయిలింగ్ రకం మాటలు కాపాడతాయి. ఎన్ని, ఎక్కడ అన్నవి మాటల వల్ల కావు.

ఆ రెండూ కాపాడేది గీత. ఇంటి ఆకారాన్ని స్కెచప్‌లోనో బ్లెండర్‌లోనో తెల్ల పెట్టెలా లేపితే చాలు. రంగులక్కర్లేదు, చెట్లక్కర్లేదు. గోడలు, కిటికీ కన్నాలు, సజ్జలు, బాల్కనీ, పిట్టగోడ, ట్యాంకు ఉంటే సరిపోతుంది. ప్లాన్ ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి అలవాటున్నవాళ్లకు ఇది పెద్ద పని కాదు. అందులో మూడు కెమెరాలు పెట్టి, మూడు తెల్ల బొమ్మలు తీసి, వాటిని కంట్రోల్‌నెట్‌కు ఇవ్వాలి. 2023 ఫిబ్రవరిలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బయటపెట్టిన పద్ధతి ఇది. మాటలతో పాటు ఒక గీత బొమ్మనో, ఏది దగ్గర ఏది దూరమో చెప్పే డెప్త్ బొమ్మనో మోడల్ ముందు పెట్టి, దాన్ని దాటిపోకుండా గీయిస్తుంది. డెప్త్ బొమ్మ ఇంటి ముద్దను పట్టుకుంటుంది, గోడల ఎగుడుదిగుళ్లు చెదరవు. కానీ గోడలో లోతు తక్కువగా ఉన్న కిటికీని అది వదిలేయవచ్చు. ఎం.ఎల్.ఎస్.డి. అనే మరో రకం నిటారు గీతలనే ఏరుకుంటుంది, కిటికీ అంచులకూ సజ్జలకూ అది బాగుంటుంది. ఇళ్ల పనికి రెండూ కలిపి వాడటం ఉత్తమం.

ఇలా గీత కట్టుదిట్టం చేశాక సీడ్ బెంగ తగ్గిపోతుంది. మూల బొమ్మలకు ఎదురు బొమ్మ సీడే వాడాలన్న పట్టుదల అక్కర్లేదు. కిటికీలు, జాలీ, ట్యాంకు ఎక్కడుండాలో తెల్ల బొమ్మ చెబుతుంది. ఏ సీడుతో వెలుగు బాగా పడితే దాన్ని తీసుకోవచ్చు. మిగిలేది రంగుల తేడా. ఒకదాంట్లో గోడ తెలుపు కాస్త నీలంగా, ఇంకోదాంట్లో కాస్త పసుపుగా వస్తుంది. జాలీ ఎరుపు ఒకచోట ఇటుకలా, ఒకచోట కాషాయంలా ఉంటుంది. దీనికి ఐపీ-అడాప్టర్ లాంటి పద్ధతులున్నాయి. కుదిరిన ఎదురు బొమ్మనే నమూనాగా చూపించి, రంగులూ పూతలూ దాన్నుంచి తీసుకోమనడం. దాని పట్టు మరీ పెంచితే ఎదురు బొమ్మ కోణం కూడా మూల బొమ్మలోకి వచ్చేస్తుంది, మధ్యరకంగా ఉంచాలి.

ఈమధ్య వచ్చిన పనిముట్లలో బొమ్మ ఇచ్చి "ఇదే ఇంటిని ఈ మూల నుంచి చూపించు" అని అడగొచ్చు. పాతవాటికన్నా ఇవి ఇంటిని బాగానే నిలబెడతాయి. కానీ మనం ఇచ్చిన ఎదురు బొమ్మలో ఉత్తరపు గోడ లేదు. అక్కడ వంటింటి కిటికీ ఉందో, మెట్లున్నాయో ఆ పనిముట్టుకు తెలిసే దారే లేదు. నమ్మకంగా ఏదో ఒకటి కల్పించి గీస్తుంది. చూడటానికి అచ్చం నిజంలా ఉంటుంది కాబట్టి ఇది మరింత ప్రమాదం. కనిపించని గోడను ప్లాన్‌లోంచి తీసి తెల్ల పెట్టెలో పెట్టాల్సిందే.

బొమ్మలన్నీ వచ్చాక సరిచూడటం మిగిలింది. క్లయింటు లెక్కపెట్టే ముందు మనమే లెక్కపెట్టాలి. నాలుగు బొమ్మలూ ఒకే తెర మీద పెట్టి, కింది నుంచి పైకి ఒక్కో అంతస్తుకు కిటికీలు, సజ్జలు, స్తంభాలు చూసుకుంటూ పోవాలి. బొమ్మ అందం చూడకుండా ఒక్కో వస్తువును పట్టుకుని నాలుగు చోట్లా వెతకాలి. రెయిలింగ్ కడ్డీలు ఒక బొమ్మలో నిలువు, ఇంకో దాంట్లో అడ్డం అయిపోవడం మామూలుగా జరిగేదే. తెల్ల పెట్టెలో అంత సన్నని కడ్డీలు మనం గీయలేదు కనుక అక్కడ మోడల్ ఇష్టారాజ్యం.

మన ఊళ్లలో ఇంకో పరీక్ష కూడా ఉంది. వాస్తు పట్టింపు ఉన్న ఇంటి పెద్దాయన కిటికీలు లెక్కపెట్టకపోయినా దిక్కులు మాత్రం చూస్తారు. ట్యాంకు ఒక బొమ్మలో ఈశాన్యంలోకి వచ్చి కూర్చుంటే, ఆ సెట్టులో మరేదీ ఆయన కంటికి ఆనదు. ఎండ విషయంలోనూ అంతే. తూర్పు ముఖం ఇంటికి పొద్దున ముఖం మీద ఎండ పడాలి, సాయంత్రం సూర్యుడు ఇంటి వెనక ఉండాలి. `sunset` అని రాస్తే మోడల్ సంతోషంగా గోడంతా బంగారు వెలుగు పూసేస్తుంది. "సాయంత్రం పూట తూర్పు గోడ మీద ఎండేమిటి బాబూ?" అని అడిగితే తలెత్తలేం. అందుకని నాలుగో బొమ్మకు వెలుగు మాట ఇలా రాయాలి:

```
dusk, sun already down behind the house,
front in soft shade, warm lamps on
```

మూల బొమ్మల్లో కూడా తూర్పు గోడ వెలుగులో, ఉత్తరం గోడ నీడలో ఉన్నాయా అని చూడాలి. కాలాన్ని బట్టి ఎండ ఇటు అటు జరిగినా, పొద్దుటి వేళ తూర్పు గోడే ఎక్కువ వెలగాలి.

సీడ్ అసలు విలువ సెట్టు ఇచ్చేశాక తెలుస్తుంది. మూడు వారాలకు ఫోను వస్తుంది: "అన్నీ బాగున్నాయండీ, రెయిలింగ్ ఒక్కటి స్టీలుకు మార్చండి." ఆ రోజు సీడ్, సెట్టింగులు రాసిపెట్టుకోకపోతే మళ్లీ మొదటికే వచ్చినట్టు. ప్రతి బొమ్మకూ ఇలాంటి లైను, దాంతోపాటు మోడల్ పేరు, తాళం వేసిన ప్రాంప్టు ఉండి తీరాలి:

```
Steps: 30, Sampler: DPM++ 2M Karras, CFG scale: 6,
Seed: 418205, Size: 1024x768
```

కొన్ని పనిముట్లు ఈ వివరాలను బొమ్మ ఫైల్లోనే దాచిపెడతాయి. కానీ దాన్ని వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మను కుదించి ఆ వివరాలు తీసేస్తుంది. అసలు ఫైలు మన దగ్గర ఉంచుకోవాలి, పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపాలి. మోడల్ కొత్త వెర్షన్ వచ్చిందని పాతదాన్ని తీసేయకూడదు, కొత్తదాని మీద పాత సీడ్ అదే ఇంటిని ఇవ్వదు.

రెయిలింగ్ మార్చడానికి మొత్తం బొమ్మను మళ్లీ చేయించనక్కర్లేదు. రెయిలింగ్ ఉన్న చోటును మాత్రం గుర్తు పెట్టి అక్కడికే గీయిస్తే మిగతా ఇల్లు ముట్టకుండా ఉంటుంది. తాళం వేసిన భాగంలో ఆ ఒక్క మాట `stainless steel balcony railing` అని మార్చి, అదే మాటతో ఎదురు బొమ్మ, రెండు మూల బొమ్మలు సరిచేయాలి. సాయంత్రం బొమ్మను మాత్రం విడిగా సరిచేయకుండా, రెయిలింగ్ మారిన పొద్దుటి ఎదురు బొమ్మ నుంచి పాత సీడుతో మళ్లీ తీయాలి. అప్పుడే రెండిట్లో కడ్డీలు ఒకే వరసలో పడతాయి.